ఫ్లైట్ ప్లాన్‌లో జూలూ టైం ఎలా వేయాలి? మన టైం ఎందుకు వేయకూడదు?

దేవరకొండ నుంచో జడ్చర్ల నుంచో ఒక కుర్రాడు దుబాయ్ పోతున్నాడనుకుందాం. అతని టికెట్ మీద 2026 జనవరి 15, శంషాబాద్‌లో తెల్లవారుజాము 4:15కి బయలుదేరి, 6:50కి దుబాయ్ చేరుతుందని ఉంది. అదే విమానం గురించి కంట్రోలర్లకు ముందుగా పంపడానికి డిస్పాచ్ డెస్క్ దగ్గర మేం వేసే ఫ్లైట్ ప్లాన్‌లో టైం 2245, తేదీ 14. రెండూ సరైనవే. టికెట్‌లో ఏ ఊరి టైం ఆ ఊరిది. ప్లాన్‌లో మాత్రం మొదటి నుంచి చివరిదాకా యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైం, ఒక్కటే ఉంటుంది. దాని గుర్తు Z అనే అక్షరం, రేడియోలో ఆ అక్షరాన్ని జూలూ అని పలుకుతారు.

ఈ 4:15 అన్నది 2245 ఎలా అయిందో, ఎక్కడ తప్పు జరుగుతుందో ఒక్కో మెట్టుగా చూద్దాం. సాగర్ దగ్గర విమాన శిక్షణలో చేరినవాళ్ళకీ, డిస్పాచర్ పరీక్షకు చదివేవాళ్ళకీ ఇది మొదటి రోజు నుంచే పనికొస్తుంది. అంతకంటే ముందు, అసలు మన టైం వేస్తే వచ్చే చిక్కేంటో తెలియాలి.

ఒకే గడియారం ఎందుకు

ఈ విమానం మొదట చెన్నై అధికార పరిధిలో ఎగురుతుంది, ఎందుకంటే హైదరాబాద్ ఆకాశం చెన్నై ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ రీజియన్‌లోకి వస్తుంది. తర్వాత ముంబై పరిధి, అరేబియా సముద్రం మధ్యలో మస్కట్ పరిధి, చివరికి ఎమిరేట్స్. ప్రతి హద్దు దగ్గరా ఒక కంట్రోలర్ ఇంకో కంట్రోలర్‌కి విమానాన్ని అప్పగిస్తాడు. ఆ అప్పగింతలో ముఖ్యమైన మాట, ఫలానా పాయింట్ దగ్గరికి ఎన్నింటికి వస్తుందన్నదే.

రేడియోలో చాలాసార్లు గంట చెప్పరు, నిమిషాలే చెబుతారు. గందరగోళం లేనప్పుడు నిమిషాలు చాలని నిబంధనే ఉంది. మన విమానం ముంబై, మస్కట్ హద్దు దగ్గరికి 0110Zకి వస్తుందనుకోండి. "వన్ జీరో" అంటే చాలు, ఇద్దరికీ అర్థమైపోతుంది. ఇప్పుడు ఎవరి టైం వాళ్ళు వాడారనుకోండి. ముంబై గడియారంలో అది ఉదయం 6:40, మస్కట్ గడియారంలో 5:10. ముంబైవాళ్ళు "నలభై" అంటారు, మస్కట్‌వాళ్ళు తమ నలభయ్యో నిమిషం కోసం చూస్తారు. మన టైం యూటీసీకి ఐదున్నర గంటల ముందుంది కాబట్టి మనకు గంటే కాదు, నిమిషాలు కూడా మారిపోతాయి. గంటల తేడాయే ఉన్న దేశాలకు లేని ఇబ్బంది ఇది.

అర గంట తేడాకి ఏమవుతుందిలే అనుకోవద్దు. జెట్ విమానం పైకెళ్ళాక నిమిషానికి సుమారు 14 కిలోమీటర్లు పోతుంది. భూమి మీది రాడార్ సముద్రం మధ్యదాకా అందదు. అలాంటి చోట ఒకే ఎత్తులో ఒకదాని వెనక ఒకటి పోయే విమానాల మధ్య ఎడాన్ని నిమిషాల్లో లెక్కపెట్టే పద్ధతి ఉంది, పది నిమిషాలో పదిహేను నిమిషాలో. గడియారం తప్పితే ఆ ఎడం కాగితం మీదే ఉంటుంది, ఆకాశంలో ఉండదు. అందుకే కంట్రోల్ గదుల్లో గడియారాలు యూటీసీకి 30 సెకన్లకు మించి అటూ ఇటూ పోకూడదని అంతర్జాతీయ నియమం పెట్టారు.

మొదటి మెట్టు: గంటలు మార్చడం

మన టైంలోంచి 5 గంటల 30 నిమిషాలు తీసేయాలి. నోటి లెక్కలో దీన్ని రెండు పనులుగా చేస్తే తప్పు రాదు: ఆరు గంటలు తీసేయండి, తర్వాత ముప్పై నిమిషాలు కలపండి. 4:15లోంచి ఆరు గంటలు వెనక్కి పోతే ముందు రోజు రాత్రి 22:15. దానికి ముప్పై కలిపితే 22:45. ప్లాన్‌లో చుక్కా గీతా ఏమీ లేకుండా 2245 అని నాలుగు అంకెలు వేస్తారు.

ఫోన్‌లో ఇంకో గడియారం పెట్టుకుని చూసుకునేవాళ్ళు వరల్డ్ క్లాక్‌లో UTC అనే పేరే ఎంచుకోండి, లండన్ పెట్టకండి. చలికాలంలో లండన్ టైం, జూలూ టైం ఒకటే. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా మాత్రం లండన్‌వాళ్ళు గడియారం ఒక గంట ముందుకు జరుపుకుంటారు. జూలూ ఎప్పుడూ జరగదు. జనవరిలో చదువుకుని, లండన్ గడియారానికి అలవాటు పడినవాళ్ళు ఏప్రిల్‌లో ఒక గంట తప్పు వేస్తారు.

రెండో మెట్టు: తేదీ

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. రాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5:29 దాకా మనకు తేదీ మారిపోయి ఉంటుంది, జూలూలో ఇంకా మారదు. గల్ఫ్‌కి పోయే విమానాలు చాలానే ఆ వేళల్లో ఉంటాయి.

పాలమూరులో ఉండే మా మేనల్లుడు పైలట్ పరీక్షకు చదువుతున్నాడు. ఇలాంటి ప్లాన్ చూపిస్తే వెంటనే అడిగాడు: "మామా, టికెట్‌ల పదిహేనో తారీఖు ఉంది గదా, నువ్వు పద్నాలుగు ఎందుకు ఏసినవ్?"

"అరే, మనకు పదిహేను వచ్చింది గని గ్రీన్విచ్‌ల ఇంకా పద్నాలుగు రాత్రే గదరా," అన్నాను. "టైం జూలూల ఏసి తారీఖు మనది ఏస్తే, ఆ ప్లాన్ ఏ రోజుదైతది చెప్పు?"

లెక్క కడితే విషయం బయటపడుతుంది. టైం 2245, తేదీ 15 అని వేస్తే, అది మన లెక్కలో 16వ తేదీ తెల్లవారుజాము 4:15. అంటే ప్లాన్ సరిగ్గా ఒక రోజు ఆలస్యంగా ఉంది. కంప్యూటర్ దాన్ని తప్పనదు, ఎందుకంటే రెండు అంకెలూ చెల్లుబాటయ్యేవే. 15న పైలట్ ప్రయాణికులను ఎక్కించుకుని క్లియరెన్స్ అడిగినప్పుడు కంట్రోలర్ ముందున్న స్క్రీన్ మీద ఆ విమానం కనపడదు. మీ ప్లాన్ మా దగ్గర లేదంటాడు. డిస్పాచర్‌కి ఫోన్లు, టెన్షన్ అప్పుడు మొదలవుతాయి. ప్లాన్ పంపినట్టు రసీదు ఉండి, కంట్రోలర్ దగ్గర మాత్రం లేదంటే, ముందుగా చూడాల్సింది తేదీనే.

మూడో మెట్టు: ప్లాన్‌లో వేయడం

ప్లాన్ పెద్దదే గానీ, టైంకి సంబంధించిన ముక్కలు ఇవి:

```
-VOHS2245
-OMDB0340 OMSJ
-DOF/260114 EET/VABF0025 OOMM0210
```

మొదటి గీతలో VOHS శంషాబాద్, 2245 విమానం స్టాండ్ నుంచి కదిలే అంచనా టైం. నేల విడిచే టైం కాదు, కొత్తవాళ్ళు ఈ రెంటినీ కలిపేస్తారు. రెండో గీతలో OMDB దుబాయ్. పక్కనున్న 0340 గడియారం టైం కాదు, గాల్లోకి లేచాక పట్టే వ్యవధి, 3 గంటల 40 నిమిషాలు. OMSJ అంటే షార్జా, దుబాయ్‌లో దిగలేకపోతే పోయే చోటు. మూడో గీతలో తేదీ సంవత్సరం, నెల, రోజు వరసలో ఉంటుంది. చివరి రెండూ టేకాఫ్ అయ్యాక ముంబై, మస్కట్ పరిధుల హద్దులకు పట్టే వ్యవధులు. ఇందులో ఎక్కడా Z రాయనక్కర్లేదు, ప్లాన్‌లో గడియారం టైం ఏది వేసినా జూలూయే అని అందరికీ తెలుసు.

నాలుగో మెట్టు: సరిచూసుకోవడం

పంపే ముందు ఇంకో వైపు నుంచి లెక్క కట్టి చూడండి. 2245కి కదిలి, రన్‌వే దాకా పోయి 2300కి లేచిందనుకుందాం. మస్కట్ హద్దుకు 2 గంటల 10 నిమిషాలు, అంటే 0110. దిగడానికి 3 గంటల 40 నిమిషాలు, అంటే 0240. గేటు దగ్గర ఆగేసరికి 0250. దుబాయ్ యూటీసీకి నాలుగు గంటల ముందుంటుంది కాబట్టి అక్కడ ఉదయం 6:50. టికెట్‌తో కుదిరింది. టికెట్ మీది రెండు టైంలు చూస్తే ప్రయాణం రెండు గంటల 35 నిమిషాలే అనిపిస్తుంది, అసలు పట్టేది 4 గంటల 5 నిమిషాలు. ఇంధనం లెక్క గానీ, సిబ్బంది డ్యూటీ గంటలు గానీ టికెట్ టైంల మీద కట్టలేకపోవడానికి కారణం అదే.

ఐదో మెట్టు: వాతావరణం, నోటామ్ చదవడం

ప్లాన్ జూలూలో ఉంటే సరిపోదు, దానితో పోల్చే కాగితాలు కూడా అదే గడియారంలో చదవాలి. జనవరిలో శంషాబాద్ చుట్టుపక్కల పొగమంచు పడుతుంది కాబట్టి మెటార్ అనే విమానాశ్రయ వాతావరణ రిపోర్టు చూస్తాం. అందులో `142230Z` అని ఉంటే 14వ తేదీ 22:30, అంటే మనకు 15న తెల్లవారుజాము 4 గంటలు. మన విమానం కదలడానికి పావుగంట ముందుదన్నమాట. దాన్ని నిన్న రాత్రి పదిన్నరది అనుకుని పక్కన పెట్టేస్తే, అన్నిటికంటే కొత్త రిపోర్టునే పారేసినట్టు.

నోటామ్ అంటే మూసివేతల్లాంటి మార్పుల గురించి విమాన సిబ్బందికి పంపే నోటీసు, దాంట్లో ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఏదో ఒక టాక్సీవే, అంటే విమానం రన్‌వే దాకా పోయే దారి, మూసేస్తున్నామని ఇలా వచ్చిందనుకోండి, B అంటే మొదలు, C అంటే ముగింపు:

```
B) 2601141830 C) 2601142330
```

తొందరలో చదివితే 14 సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పదకొండున్నర దాకా, మన విమానానికి సంబంధం లేదు అనిపిస్తుంది. నిజానికి అది 15న అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5 దాకా. మన 4:15 సరిగ్గా అందులోనే పడింది. జూలూలో 2245 అనేది 1830కీ 2330కీ మధ్యే ఉందని ఏ మార్పిడీ లేకుండానే కనపడుతుంది. అందుకే నా సలహా, ప్రతి కాగితాన్నీ మన టైంలోకి మార్చుకోకండి. విమానం టైం ఒక్కదాన్ని జూలూలోకి మార్చి పైన రాసుకుని, మిగతావన్నీ దానితో పోల్చండి.

ఆరో మెట్టు: ఆలస్యమైతే

కంట్రోల్‌లో ఎగిరే విమానం ప్లాన్‌లో వేసిన టైం కంటే 30 నిమిషాలకు మించి ఆలస్యమయ్యేట్టుంటే కంట్రోలర్లకు కొత్త టైం పంపాలి. మన విమానం పొగమంచు వల్ల 4:15 బదులు 5:10కి కదులుతుందంటే, కొత్త టైం 2340. తేదీ అదే 14, కాబట్టి ఆలస్యం మెసేజ్ ఒకటి పంపితే అయిపోతుంది.

మంచు ఇంకా వీడక 5:50 అయిందనుకోండి. అప్పుడు జూలూలో 0020, తేదీ 15. మన గడియారంలో ఏ తేదీ మారలేదు కాబట్టి ఎవరికీ గుర్తు రాదు, కానీ ఉదయం 5:30 దాటగానే ప్లాన్ తేదీ మారిపోయింది. 14వ తేదీ ప్లాన్ మీద 0020 అని మాత్రం మారిస్తే, అది దాదాపు ఒక రోజు వెనకటి టైం అవుతుంది. ఇలాంటప్పుడు పాత ప్లాన్ రద్దు చేసి, 0020 టైంతో, DOF/260115 తేదీతో కొత్తది వేయడం మేలు. కొత్త ప్లాన్ అందిందని కంట్రోలర్ నోట విన్నాకే డెస్క్ మీంచి ఆ విమానం కాగితాలు తీయండి.