న్యూయార్క్–టోక్యో కాలభేదం: గడియారం మారేముందు జాగ్రత్తలు

2026 నవంబరు 1న న్యూయార్క్ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి; టోక్యోలో ఏ మార్పూ ఉండదు.

- ఈ రోజున్న తేడాతో కాక, సమావేశం జరిగే రోజున ఉండే తేడాతో లెక్కించాలి. వేసవిలో 13 గంటలున్న అంతరం నవంబరు 1 నుంచి 14 అవుతుంది కాబట్టి, పాత తేడాతో వేసిన నవంబరు లెక్క సరిగ్గా గంట తప్పుతుంది.

- వారంవారం జరిగే సమావేశానికి ఏ ఊరి గడియారం ఆధారమో ముందే తేల్చుకోవాలి. న్యూయార్క్ ఉదయం 9 గంటలు ఆధారమైతే, టోక్యోలో రాత్రి 10కి జరిగేది 11కి మారుతుంది. టోక్యో రాత్రి 10 ఆధారమైతే న్యూయార్క్‌వారు ఉదయం 8కే హాజరుకావాలి.

- ఆహ్వానంలో ఏడాది పొడవునా EST అని రాయకూడదు, ఎందుకంటే అది న్యూయార్క్ శీతాకాలపు సమయం మాత్రమే. క్యాలెండరులో America/New_York అనే కాలమండలాన్ని ఎంచుకోవడం మేలు.

- నవంబరు 1 తెల్లవారుజామున న్యూయార్క్‌లో 1 నుంచి 2 వరకు గల గంట రెండుసార్లు వస్తుంది. అప్పుడు సమావేశం పెట్టేవారు అరుదే గాని, యంత్రాలకు పని అప్పగించేవారు గమనించాలి.