రెజ్యూమ్‌ల "కన్నడ వచ్చు" అని ఉంటే ఎట్ల చూసుకోవాలె, మనం రాసేటప్పుడు ఎట్ల రాయాలె

మక్తల్, నారాయణపేట, గద్వాల దిక్కు ఏ ఫీల్డ్ ఉద్యోగానికి పిలిచినా రెజ్యూమ్ కింద ఒక లైన్ ఉంటది, "లాంగ్వేజెస్ నోన్: తెలుగు, హిందీ, ఇంగ్లిష్, కన్నడ" అని. ఈ లైన్ తోని ఏం తెల్వదు. కృష్ణా మండలంల ఇంట్ల కన్నడ మాట్లాడే పిల్లగాడు గదే రాస్తడు, రాయచూర్ల రెండేండ్లు రూమ్ తీసుకొని చదివినోడు గదే రాస్తడు, దోస్తులతోని నాలుగు ముక్కలు నేర్చినోడు కూడ గదే రాస్తడు. విత్తనాల పనికి ఫీల్డ్ మనుషులను తీసుకునేటప్పుడు నేను ఎట్ల చూస్తనో చెప్తున్న. ఉర్దూకైనా మరాఠీకైనా ఇదే పద్ధతి నడుస్తది.

ముందుగాల ఆ భాషతోని పనేందో రెండు లైన్లల్ల రాసుకోండ్రి. "కన్నడ కంపల్సరీ" అని పెడితే సరిపోదు. మాకైతే ఇట్ల ఉంటది: రాయచూర్ దిక్కు రైతులు ఫోన్ జేస్తే కంప్లైంట్ విని అర్థం జేసుకోవాలె, తర్వాత దాన్ని కన్నడల పది లైన్ల రిపోర్టు రాసి అక్కడి డీలర్‌కు పంపాలె. అంటే వినుడు, మాట్లాడుడు, రాసుడు మూడు కావాలె, సాహిత్యం అక్కర్లేదు. ఇది రాసుకోకపోతే టెస్టుల ఏం అడగాల్నో మీకే తెల్వదు.

తర్వాత ఆ భాష రోజూ వాడే మనిషిని ఒకరిని పిలుచుకోండ్రి. టీచరే కావాలని లేదు, నన్నడిగితే టీచర్ వద్దు, పుస్తకం కన్నడతోని పరీక్ష పెడ్తడు. రాయచూర్ మార్కెట్ల తిరిగే మనిషి మంచిగుంటడు. వచ్చినోళ్లకు చుట్టం కాకుంటే చాలు. ఒక పేపర్, ఒక పెన్ను, రెండు ఫోన్లు, గంతే సామాన్.

ఇగ అసలు కష్టమంతా మాట్లాడే టెస్టు కాడనే ఉన్నది. చాలామంది ఏం జేస్తరంటే "ఏదీ, కన్నడల మీ గురించి చెప్పండి" అంటరు. అది వద్దే వద్దు. పేరు, ఊరు, చదువు చెప్పుడు ఇంటికాడ బట్టీ పట్టుకొనే వస్తరు, గలగల మాట్లాడతరు, మనకు భాష రాదు గాబట్టి ఆ స్పీడ్ జూసి ఫ్లుయెంట్ అనుకుంటం. ఆన్‌లైన్ల నాలుగు ఆప్షన్ల టెస్టు పెట్టేటోళ్లున్నరు, దాంట్ల సగం అందాజ మీదనే కొట్టొచ్చు, నోరు తెరిచే పనే లేదు.

నేను జేసేది ఏందంటే, ఒక చీటీ మీద తెలుగుల ఐదు సంగతులు రాసి పిలుచుకున్న మనిషికి మాత్రమే ఇస్త. ఒక చీటీ ఇట్ల ఉంటది: రెండెకరాల పత్తి పెట్టిండు, ఒక దిక్కే మొలిచింది, రెండో దిక్కు మొలక లేదు, విత్తనం పాకెట్ దాచిపెట్టిండు, డీలర్ బిల్లు ఇయ్యలేదు. ఆ మనిషి పక్క రూమ్ల కూసోని రైతు లెక్క ఫోన్ జేస్తడు, కోపంగ, ఊర్ల మాట్లాడినట్టే, ఒకదాని మీద ఒకటి కలిపి మాట్లాడతడు. వచ్చిన కాండిడేట్ కన్నడల విని, కావాల్సినవి అడిగి, ఫోన్ పెట్టినంక నాకు తెలుగుల చెప్పాలె. నేను అప్పుడు చీటీ కాపీతోని టిక్ పెట్టుకుంట పోత. నాకు కన్నడ రాకున్నా ఎంత అర్థమైందో నా ముంగటనే తేలిపోతది, ఎవ్వరి సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇక్కడ మోసపోయే జాగలు మూడున్నయి. ఒకటి, పిలుచుకున్న మనిషి మంచోడు అయితే కాండిడేట్ మీద జాలిపడి మెల్లగ, సాఫ్ కన్నడల మాట్లాడతడు, అట్లయితే టెస్టు ఖరాబైనట్టే. ముందే చెప్పాలె, మీ ఊరోనితోని మాట్లాడినట్టే మాట్లాడు అని. రెండు, కాండిడేట్ ప్రతిదానికి "హౌదు హౌదు, సరి సరి" అంటుంటే సంబరపడొద్దు. అర్థం కానోడే ఎక్కువగ ఒప్పుకుంటడు. అర్థమైనోడు మధ్యల ఆపి అడుగుతడు, ఏ దిక్కు మొలిచింది, బిల్లు ఇయ్యకుంటే ఏమన్నడు అని. ఆ ఎదురు ప్రశ్నలు ఉన్నయా లేవా అనేదే నేను అన్నిటికంటె ఎక్కువ చూస్త. మూడోది, తెలుగుల చెప్పేటప్పుడు చీటీల లేని సంగతి వస్తే, ఉదాహరణకు "పురుగు పడ్డది సార్" అంటే, అది మర్చిపోవుడు కాదు, అందాజ. మర్చిపోయిన దానికంటె కల్పించిన దానికే నేను ఎక్కువ మార్కులు కట్ జేస్త, ఎందుకంటె రేపు రిపోర్టుల గదే పోతది, డీలర్ పురుగుమందు గురించి మాట్లాడతడు.

టెన్షన్ల ఒకసారి తప్పిపోతరు, అది వేరే. అందుకే ఇంకో చీటీతోని ఇంకోసారి జేస్త. రెండోసారి కూడ ఎదురు ప్రశ్నలు రాకపోతే అది టెన్షన్ కాదు.

రాసుడు టెస్టుకు వస్తే, చదివి వినిపించమని మాత్రం అడగొద్దు. తెలుగు, కన్నడ లిపులు ఒక్క పాత లిపి నుంచే వచ్చినయి, తెలుగు వచ్చినోడు కొద్దిరోజులు బోర్డులు చూస్తే కన్నడ అక్షరాలు కూడబలుక్కొని బయటికి చదివేస్తడు, అర్థం మాత్రం సగం తెల్వదు. అందుకే ఇప్పుడే విన్న ఫోన్ సంగతిని కన్నడల ఆరేడు లైన్లు పెన్నుతోని రాయమంట, ఇరవై నిమిషాలిస్త. ఫోన్ల టైప్ జేయనియ్యను, ఫోనే సగం మాట అందిస్తది.

ఒకసారి వచ్చిన ఇద్దరి సంగతి చెప్తే అర్థమైతది. ఒకాయనకు కన్నడ ఇంటి భాష, చీటీల ఐదుకు ఐదు పట్టిండు, మూడు ఎదురు ప్రశ్నలు వేసిండు, రైతును సల్లబరిచిండు. పేపర్ ఇస్తే మొత్తం కన్నడ మాటలనే తెలుగు అక్షరాలల్ల రాసిండు. చదివింది తెలుగు మీడియం, ఆయనకు కన్నడ లిపి ఎవ్వరు నేర్పలేదు, దాంట్ల అబద్ధమేం లేదు. ఇంకోకాయన కన్నడ మీడియంల పదో తరగతి, చక్కగ తప్పు లేకుంట రాసిండు గాని, ఫోన్ల కోపంగ మాట్లాడే రైతు మాట మూడే పట్టుకున్నడు. ఇద్దరి రెజ్యూమ్‌లల్ల ఒకటే మాట, "కన్నడ, ఫ్లుయెంట్". మొదటాయనను ఫోన్ల పనికి తీసుకున్నం, రిపోర్ట్ వేరేటోళ్లతోని రాయించినం. ఆ లైన్ సరిగ్గ రాసుంటే ఇద్దరికీ ఒక పూట మిగిలేది.

రెజ్యూమ్ రాసేటోళ్లకు చెప్పేది గదే. చుక్కలు, స్టార్లు, ఎనభై శాతం బార్లు తీసేయండ్రి, ఎనభై శాతం అంటే దేంట్ల ఎనభై ఎవ్వరికి తెల్వదు. యూరప్ పద్ధతిల ఏ1 నుంచి సీ2 దాక ఆరు లెవెల్స్ ఉంటయి, జర్మన్, ఫ్రెంచ్ లాంటి వాటికి పరీక్ష రాసి పాసైతే పెట్టండ్రి, కన్నడకు మీ అంతట మీరే "బీ2" అని ఇచ్చుకుంటే దాన్ని ఎవ్వరు లెక్కజేయరు. ఒక్కో భాషకు మాట్లాడుడు వేరే, చదువుడు వేరే, రాసుడు వేరే పెట్టి, ఎక్కడ వాడిండ్రో రాయండ్రి. మొదటాయన లైన్ ఇట్ల ఉండాలె:

"కన్నడ – ఇంటి భాష. మాట్లాడటం, వినడం: రోజూ, రైతులతో ఫోన్‌లో కూడా. చదవడం: బోర్డులు, చిన్న మెసేజ్‌లు. రాయడం: కన్నడ లిపిలో రాదు."

రెండో ఆయనది:

"కన్నడ – పదో తరగతి వరకు కన్నడ మీడియం. చదవడం, రాయడం: లెటర్లు, రిపోర్టులు సొంతంగా. మాట్లాడటం: ఎదురుగా మాట్లాడితే బాగా, ఫోన్‌లో ఊరి మాట వేగంగా ఉంటే కష్టం."

"రాదు" అని రాసుడు చూసి తీసేస్తరని భయపడతరు, కొన్ని కాడ తీసేస్తరు కూడ. గాని ఆ పనికి రాసుడు కావాలంటే ఇరవై నిమిషాల పేపర్ కాడ ఎట్లైనా తెలుస్తది, అప్పుడు మీరు మంచిగ మాట్లాడతరన్నది కూడ నమ్మరు. నేర్చుకుంటుంటే "రాయడం: నేర్చుకుంటున్న, చిన్న వాక్యాలు" అని పెట్టండ్రి. రాయొస్తదని పెడితే మీ చేతితోని రాసిన ఒక పేజీ, తారీకు వేసి, ఇంటర్వ్యూకు పట్టుకొని పోండ్రి, అడగకముందే ఇయ్యండ్రి.