సంఖ్య కనిపించగానే ద్విగువు అని గుర్తిస్తే తప్పుతోందా? సమాసాల బహుళైచ్ఛిక ప్రశ్నలకు సమస్య – పరిష్కారం

కావలిలో డీఎస్సీకి చదివే అభ్యర్థులకు కొన్నేళ్లుగా తెలుగు వ్యాకరణం చెబుతున్నాను. నమూనా పరీక్షల జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఒక విషయం పదేపదే కంటబడింది. సమాసాలు బొత్తిగా రానివారు ఎక్కడ పడితే అక్కడ తప్పుతారు. బాగా చదివినవారు మాత్రం దాదాపు ఒకే చోట, అంటే సంఖ్యను సూచించే మాట ఉన్న సమాసాల దగ్గర తప్పుతారు. నాలుగు ఐచ్ఛికాలలో తత్పురుష, ద్వంద్వం, బహువ్రీహి, ద్విగువు వరుసగా ఉన్నప్పుడు, సంఖ్య కనబడిన వెంటనే చేయి ద్విగువు మీదికి పోతుంది. ఈ వ్యాసం ఆ ఒక్క పొరపాటును గురించినది.

లక్షణం

‘నవరత్నాలు’ అన్నప్పుడు సరిగ్గా గుర్తించిన అభ్యర్థే ‘ముక్కంటి’, ‘శతాధికం’, ‘కవిత్రయం’, ‘ఉభయకవిమిత్రుడు’, ‘నవవధువు’ అన్నింటికీ ద్విగువు అనే రాస్తాడు. ఈ అయిదింటిలో ఒక్కటీ ద్విగువు కాదు. ‘ఇరుగుపొరుగు’ను చూసి, ఇందులో ‘ఇరు’ ఉంది కదా, రెండు అని అర్థం కదా అని ద్విగువుగా గుర్తించినవారూ ఉన్నారు. అది ‘ఇరుగును, పొరుగును’ అనే ద్వంద్వం. అక్కడ సంఖ్య ప్రసక్తే లేదు.

కారణం

‘సంఖ్యాపూర్వో ద్విగుః’ అనే పాణిని సూత్రాన్ని, లేదా దాని తెలుగు సారాన్ని అభ్యర్థులు కంఠస్థం చేస్తారు. సూత్రంలో దోషం లేదు. అయితే అష్టాధ్యాయిలో ఆ సూత్రం తత్పురుషను చెప్పే ప్రకరణంలో ఉన్నదనీ, ద్విగువు కూడా తత్పురుషలో ఒక భేదమేననీ వారికి ఎవరూ చెప్పరు. తత్పురుష ఉత్తరపదార్థ ప్రధానం కాబట్టి, సంఖ్య ముందున్నప్పటికీ సమాసం మొత్తం రెండో పదం పేర్కొన్న వస్తువునే తెలపాలి, ముందున్న సంఖ్య ఆ వస్తువునే లెక్కించాలి. సూత్రంలోని మొదటి సగం గుర్తుండి ఈ రెండో సగం జారిపోవడమే తప్పులన్నింటికీ మూలం.

దీనికి తోడు పాఠ్యపుస్తకాలలో విగ్రహవాక్యం రాసే తీరు కూడా కొంత గందరగోళం కలిగిస్తుంది. ‘ముజ్జగాలు’ అనే ద్విగువుకు ‘మూడు సంఖ్య గల జగాలు’ అనీ, ‘ముక్కంటి’ అనే బహువ్రీహికి ‘మూడు కన్నులు గలవాడు’ అనీ రాస్తారు. రెండింటిలోనూ ‘గల’ ఉంది కనుక, ఆ మాటను బట్టి బహువ్రీహిని పోల్చుకునే అలవాటు ఉన్నవారు ఇటు కూడా తప్పుతారు. చూడవలసింది ‘గల’ ఎక్కడ వచ్చిందన్నది. ద్విగువులో అది వాక్యం నడుమ వచ్చి, చివర జగాలే మిగులుతాయి. బహువ్రీహిలో అది చివర వచ్చి, సమాసంలో లేని మూడో వ్యక్తి శివుడు తేలతాడు.

పరిష్కారం

సంఖ్య కనబడగానే ఐచ్ఛికాల వైపు చూడకుండా, ముందుగా సంఖ్య మొదటి పదంలోనే ఉన్నదా అని చూడాలి. ‘కవిత్రయం’లో అది రెండో పదంలో ఉంది. ‘కవుల యొక్క త్రయం’ అని విడదీస్తే షష్ఠీ తత్పురుష అని వెంటనే తెలుస్తుంది. నన్నయ, తిక్కన, ఎర్రన ముగ్గురే గదా అన్న ఆలోచన ఇక్కడ పక్కదారి పట్టిస్తుంది, ఎందుకంటే అర్థంలో మూడు ఉండటం వేరు, పూర్వపదంగా సంఖ్య ఉండటం వేరు.

సంఖ్య మొదటే ఉన్నట్లయితే, సమాసం చెప్పే వస్తువు రెండో పదమేనా అని అడగాలి. నవరత్నాలు రత్నాలే, సప్తస్వరాలు స్వరాలే, కాబట్టి అవి ద్విగువులు. ముక్కంటి కన్ను కాదు, దశకంఠుడు కంఠం కాదు, కాబట్టి అవి బహువ్రీహులు. ‘శతాబ్దం’ ఏకవచనంలో ఉంది కదా అని సందేహించనక్కర లేదు. నూరు అబ్దాలు ఒక్క రాశిగా చెప్పబడ్డాయి, ఆ రాశిలో ఉన్నవీ అబ్దాలే, కనుక అది ద్విగువే. ‘పంచవటి’ సంగతీ ఇంతే.

ఆపైన, ఆ సంఖ్య రెండో పదాన్ని నిజంగా లెక్కిస్తున్నదా అని కూడా చూడాలి. ‘శతాధికం’లో ‘అధికం’ నూరు సంఖ్యలో లేదు. ‘శతం కంటె అధికం’ అని విభక్తి చేర్చితే తప్ప అర్థం కుదరదు, కనుక పంచమీ తత్పురుష. ‘నవవధువు’లో ‘నవ’ అంటే కొత్త అని అర్థమే తప్ప తొమ్మిది అని కాదు. ఇది కర్మధారయం, ఐచ్ఛికాలలో కర్మధారయం లేకుండా పై నాలుగే ఇస్తే, కర్మధారయం కూడా తత్పురుష భేదమే కనుక తత్పురుషనే ఎంచుకోవాలి. ఇదే తర్కంతో నవరత్నాలకూ తత్పురుష అనరాదా అని ఒక అభ్యర్థి అడిగాడు, మంచి ప్రశ్నే. ద్విగువు విడిగా ఐచ్ఛికంగా ఉన్నప్పుడు, మరింత నిర్దిష్టమైన ఆ పేరే సమాధానం అవుతుంది.

ఒక ప్రశ్న పూర్తిగా

నెల్లూరు వాళ్లం కనుక తిక్కన బిరుదునే తీసుకుందాం. ‘ఉభయకవిమిత్రుడు’ ఏ సమాసం? ఐచ్ఛికాలు: అ) ద్విగువు, ఆ) బహువ్రీహి, ఇ) షష్ఠీ తత్పురుష, ఈ) చతుర్థీ తత్పురుష.

‘ఉభయ’ను చూసి అ గుర్తించినవారు మూడు ముక్కల సమాసాన్ని ముందునుంచి విడదీశారు. మూడు పదాలున్నప్పుడు చివరి అతుకును ముందు విప్పాలి: ‘ఉభయకవి’ ఒక వైపు, ‘మిత్రుడు’ మరొక వైపు. ఉభయ అనేది కవులకు చెందిన మాట, మిత్రుణ్ణి లెక్కించేది కాదు, మిత్రుడు ఒక్కడే. ఒక వ్యక్తికి బిరుదు కాబట్టి బహువ్రీహి అన్నవారికి జవాబు, తిక్కన ఇక్కడ మిత్రుడే, మిత్రుడు గలవాడు కాడు. ప్రధానార్థం ఉత్తరపదంలోనే ఉంది కనుక ఇది తత్పురుష.

ఇక మిగిలిన సందేహం ఇ, ఈ ల మధ్య. విగ్రహవాక్యం ‘ఉభయ కవులకు మిత్రుడు’. ఇందులోని ‘కు’ను చూసి చతుర్థి అనుకుంటారు. తెలుగులో చతుర్థికి ప్రత్యయాలు కొరకు, కై. ‘కి, కు, యొక్క, లో, లోపల’ షష్ఠివి. కవుల కొరకు మిత్రుడు అంటే అర్థం అతకదు. సమాధానం ఇ. ‘త్రిలోకనాథుడు’ను కూడా ఇలాగే విప్పవచ్చు, లోపల ‘త్రిలోక’ ద్విగువే అయినా, మొత్తం ‘త్రిలోకాలకు నాథుడు’ అనే షష్ఠీ తత్పురుష.

ఈ పద్ధతి ఆగిపోయే చోటు

‘పంచాంగం’ వంటి మాటలు రెండు విధాలా విడిపోతాయి. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాల రాశి అంటే ద్విగువు. అయిదు అంగాలు గల గ్రంథం అంటే బహువ్రీహి. ప్రశ్నలో విగ్రహవాక్యం ఇచ్చి ఉంటే దాన్నే అనుసరించాలి. ఒంటరి పదమే ఇచ్చినప్పుడు, ఐచ్ఛికాలలో ఈ రెండింటిలో ఒకటే ఉంటే చిక్కు లేదు. రెండూ ఉంటే ఆ పరీక్షకు నిర్దేశించిన పాఠ్యపుస్తకం ఎలా విడదీసిందో చూసుకొని, ప్రాథమిక జవాబుల పట్టిక వెలువడినప్పుడు ఆ పుట సంఖ్యతో సహా అభ్యంతరం పెట్టాలి.