ఐస్‌లాండ్‌లో కారు తీసుకుంటున్నారా? ముందు పగటి పొడవు చూసుకోండి

క్రిస్మస్ సెలవులు దగ్గర పడగానే లండన్, డబ్లిన్‌లలో ఉండే మనవాళ్ళు చాలామంది ఐస్‌లాండ్ టికెట్లు వెతకడం మొదలుపెడతారు. అమెరికా నుంచి యూరప్‌కి వచ్చేవాళ్ళు దారిలో రెండు మూడు రోజులు ఆగుదామనుకుంటారు. అందరూ మొదట అడిగేది చలి గురించే. రాజధాని రేక్యావిక్‌లో డిసెంబరు చలి మరీ అంత భయపెట్టేది కాదు, చాలా రోజులు సున్నాకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. వేసుకున్న ప్లాన్ తలకిందులయ్యేది పగటి పొడవు వల్ల.

హైదరాబాదులో ఏడాదిలో చిన్న పగలు దాదాపు 11 గంటలు, పెద్దది 13 గంటల పైచిలుకు. ఆ తేడా ఎవరికీ పెద్దగా పట్టదు. అందుకే ఏ కాలమైనా ‘పొద్దున్నే ఏడింటికి బయలుదేరి చీకటి పడేలోపు వచ్చేద్దాం’ అని లెక్క వేసుకోవడం మనకు అలవాటు. రేక్యావిక్‌లో డిసెంబరు 21న సూర్యుడు ఉదయం 11.20 ప్రాంతంలో వచ్చి మధ్యాహ్నం 3.30కి వెళ్ళిపోతాడు. జూన్ 21న తెల్లవారుజామున మూడు లోపే వచ్చి అర్ధరాత్రి దాటాక గానీ అస్తమించడు. ఒకే ఊళ్ళో 4 గంటల పగలు, 21 గంటల పగలు! ఒకసారి వేసుకున్న ప్లాన్ ఇంకో కాలానికి పనికిరాదు.

ఇందులో గడియారం పాత్ర కూడా కొంత ఉంది. ఐస్‌లాండ్ ఏడాది పొడవునా లండన్ శీతాకాలపు సమయాన్నే పాటిస్తుంది. దేశం మాత్రం లండన్‌కి చాలా పడమరగా ఉంటుంది. అందువల్ల అక్కడ మిట్టమధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో వస్తుంది. చలికాలంలో పొద్దున్న పూట అంతసేపు చీకటిగా ఉండటానికి ఇదీ ఒక కారణం. కాబట్టి ఆ కాలంలో త్వరగా నిద్రలేచి పరుగెత్తినందువల్ల ఒరిగేదేమీ లేదు.

ఊరటనిచ్చే విషయం ఒకటుంది. మన దగ్గర పొద్దు గుంకాక అరగంటలోపే చీకటి పడుతుంది. అక్కడ సూర్యుడు ఏటవాలుగా జారుకుంటూ వెళ్తాడు కాబట్టి, ఉదయించే ముందు, అస్తమించాక గంటకు పైగా మసక వెలుగు ఉంటుంది. డిసెంబరులో కూడా ఆకాశం తేటగా ఉంటే దాదాపు పదింపావు నుంచి నాలుగున్నర వరకు చుట్టుపక్కల కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజున ఈ సంధ్య వెలుగును లెక్కలోకి తీసుకోకండి.

చలికాలం: ఒక రోజు లెక్క

ఎక్కువమంది వెళ్ళేది దక్షిణ తీరం మీదుగా వీక్ అనే చిన్న ఊరికి. రేక్యావిక్ నుంచి దాదాపు 187 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటే రెండున్నర గంటలు. ఇంకో 190 కిలోమీటర్లు వెళ్తే మంచుగడ్డలు తేలే యోకుల్సార్లోన్ సరస్సు వస్తుంది. ‘370 కిలోమీటర్లే కదా, హైదరాబాదు నుంచి తిరుపతికి అంతకంటే ఎక్కువే, పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేద్దాం’ అనే మాట చాలాసార్లు విన్నాను. జూన్‌లో అది ఒళ్ళు హూనమయ్యే పని, అంతే. డిసెంబరులో మాత్రం ఉన్న వెలుగంతా స్టీరింగ్ వెనకే అయిపోతుంది. తిరుగు ప్రయాణం మొత్తం చీకట్లో, మంచు మీద చేయాలి. ఆ పని పెట్టుకోవద్దు.

వీక్ వరకే వెళ్తే ఇలా చేయొచ్చు. ఎనిమిదిన్నరకి చీకట్లోనే బయలుదేరి హెల్లిస్‌హేడి అనే ఎత్తయిన రోడ్డు దాటి సెల్ఫాస్ చేరండి. అది 57 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటే గంట లోపే. అక్కడే టిఫిన్, పెట్రోలు. చీకట్లో చేసే డ్రైవింగ్ ఇంతవరకే, అదీ వాహనాలు తిరిగే రోడ్డు మీద. పదింపావుకి కదిలితే సెల్యాలండ్స్‌ఫాస్ జలపాతం దగ్గరికి వెళ్ళేసరికి సూర్యోదయం అవుతుంది. అక్కడొక గంట. తర్వాత అరగంట దూరంలో స్కోగాఫాస్, అక్కడొక గంట. రెండూ రెండున్నర మధ్య రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరం చేరతారు, ఇంకా వెలుగుంటుంది. రాత్రికి వీక్‌లోనే ఉండండి. గది అద్దె ఎక్కువని రేక్యావిక్‌కి తిరిగొస్తే ఆ రోజుకి ఇంకో రెండున్నర గంటల చీకటి డ్రైవింగ్ కలుస్తుంది.

ఈ లెక్కలో నాలుగో చోటు ఇరికించకండి. ఎక్కడో ఒకచోట రోడ్డు జారుడుగా ఉండి వేగం సగానికి పడిపోతుంది. అప్పుడు చివరగా మిగిలేది రేనిస్‌ఫ్యారా, అదీ చీకటి పడుతుండగా. ఆ తీరంలో ఉన్నట్టుండి ఒక పెద్ద అల చాలా పైవరకు దూసుకొచ్చి మనుషుల్ని లాక్కుపోతుంది. ప్రాణాలు పోయాయి కూడా. నల్ల ఇసుక మీద మసక వెలుగులో అల ఎంత దగ్గరికొచ్చిందో కంటికి ఆనదు. చీకటి పడితే కారు దిగకుండా వచ్చేయండి. వెలుగున్నా సరే, ఫోటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు. అక్కడ పెట్టిన హెచ్చరిక దీపాలు ఏ రంగులో ఉన్నాయో చూసి నడుచుకోండి.

మరో సంగతి చాలామందికి తట్టదు. చలికాలంలో చలువ కళ్ళద్దాలు తప్పనిసరి. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు రెండున్నర డిగ్రీల ఎత్తే ఉంటాడు. అంటే మన దగ్గర అస్తమయానికి పది పదిహేను నిమిషాల ముందు ఉన్నంత కిందికి. ఎండ నేరుగా కళ్ళలో కొడుతుంది, తడి రోడ్డు అద్దంలా మెరుస్తుంది. విండ్‌షీల్డ్‌ని లోపలి నుంచి కూడా తుడిచి బయలుదేరండి. జిడ్డు మరక మీద ఆ ఎండ పడితే ముందు ఏమీ కనిపించదు.

అమెరికా నుంచి రాత్రి విమానంలో వచ్చేవాళ్ళు చాలావరకు తెల్లవారుజామున ఆరున్నర ప్రాంతంలో కెఫ్లావిక్ విమానాశ్రయంలో దిగుతారు. చలికాలమైతే వెలుగు రావడానికి ఇంకా మూడున్నర గంటలుంటుంది. నిద్రలేని కళ్ళతో, చీకట్లో, కొత్త కారులో నేరుగా దక్షిణ తీరానికి బయలుదేరకండి. ఇండియాలో నడిపిన అలవాటున్నవాళ్ళకి రోడ్డుకి కుడివైపు నడపడం కూడా కొత్తే. రేక్యావిక్ 50 కిలోమీటర్లు. ముందు అక్కడికి వెళ్ళి పడుకోండి. మొదటి రోజు వెలుగు పోయినా పర్లేదు.

బయలుదేరే ముందు ఫోన్‌లో రెండు చూడాలి: రోడ్ల పరిస్థితికి umferdin.is, వాతావరణానికి vedur.is. గాలి వేగం సెకనుకు మీటర్లలో చూపిస్తారు, 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. 20 అని ఉంటే 72 అన్నమాట, ఈదురుగాలి దానికి పైన ఉంటుంది. అలాంటి రోజు మామూలు కారు తీయకపోవడం మంచిది. 15 దగ్గరే జాగ్రత్త పడాలి. కారుని గాలికి ఎదురుగా ముఖం పెట్టి ఆపండి, తలుపుని రెండు చేతులతో పట్టుకుని తెరవండి. వెనక సీట్లో పిల్లలుంటే వాళ్ళని తెరవనివ్వొద్దు. గాలికి తలుపు వెనక్కి విరిగితే ఇన్సూరెన్స్ చాలావరకు రాదు, ఖర్చు మీదే.

మూసిన రోడ్డు దగ్గర ‘కాసేపట్లో తెరుస్తారులే’ అని వెలుగంతా ఖర్చు చేయకండి. మంచు తీసే బండ్లు చాలా రోడ్ల మీద రాత్రంతా తిరగవు. మధ్యాహ్నం రెండు దాటినా రోడ్డు తెరవకపోతే ఉన్న ఊళ్ళోనే గది వెతుక్కోండి. అందుకే చలికాలంలో రద్దు చేసుకోగలిగే గదులే బుక్ చేయమంటాను, నాలుగు డబ్బులు ఎక్కువైనా.

వేసవి: వెలుగు ఆగదు, మీరే ఆగాలి

జూన్‌లో సమస్య తిరగబడుతుంది. రాత్రి పదింటికి కూడా సాయంత్రం ఐదున్నరలా ఉంటుంది. ఇంకో జలపాతం, ఇంకో వంద కిలోమీటర్లు అంటూ నడుపుతూనే ఉంటారు. చీకటి పడితే మనిషికి సహజంగా ముంచుకొచ్చే నిద్ర అక్కడ రాదు, అలసట మాత్రం పోగవుతూనే ఉంటుంది. అది రెండో రోజో మూడో రోజో బయటపడుతుంది. ఒకే సైన్‌బోర్డుని రెండుసార్లు చదువుతారు, కారు మెల్లగా అంచుకి జరుగుతుంది, కంకర శబ్దం విని ఉలిక్కిపడతారు. తారు రోడ్డు మీద పరిమితి 90, కంకర రోడ్డు మీద 80. తారు అయిపోయి కంకర మొదలయ్యే చోట అలసిపోయిన డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కితే బండి అదుపు తప్పుతుంది. వేసవిలో గొర్రెలు కూడా రోడ్డు మీదే తిరుగుతుంటాయి. తల్లి ఒకవైపు, పిల్ల ఇంకోవైపు ఉంటే పిల్ల అడ్డంగా పరుగెత్తుతుందనే అనుకోండి.

వెలుతురుతో పని లేకుండా, ఎనిమిదింటికి బండి ఆగాలి అని ఇంట్లోనే నిర్ణయించుకోండి. ఫోన్‌లో అలారం పెట్టండి. చిన్న ఊళ్ళలో హోటల్ వంటిళ్ళు తొమ్మిది ప్రాంతంలో మూసేస్తారు. వెలుగుంది కదా అని తిరిగితే ఆ రాత్రికి బిస్కెట్లే. కంటికి కట్టుకునే నల్లటి మాస్క్ ఒక్కొక్కరికి ఒకటి తీసుకెళ్ళండి, క్యాంపర్ వ్యాను కర్టెన్లని నమ్ముకోవద్దు. పిల్లలున్న ఇంట్లో ‘ఇంకా పగలే కదమ్మా’ అన్న గొడవ తప్పదు. పడుకోవడానికి గంట ముందే కర్టెన్లు వేసి గది చీకటి చేయడం కొంత పని చేస్తుంది.

వెలుగు ఎక్కువసేపు ఉండటం నిజంగా ప్రమాదంలో పడేసే చోటు లోపలి కొండ ప్రాంతం. అక్కడి రోడ్ల నంబర్లకి ముందు F ఉంటుంది. చాలావరకు జూన్ చివర్లోనో జులైలోనో తెరుస్తారు, ఫోర్ వీల్ డ్రైవ్ లేనిదే వెళ్ళకూడదు. వీటిలో చాలా చోట్ల వాగుల మీద వంతెనలుండవు. థోర్స్‌మోర్క్ లోయకి వెళ్ళే దారిలో క్రోసా నది అలాంటిదే. హిమానీనదాల నుంచి వచ్చే నీరు ఎండ కాసేకొద్దీ కరిగి పెరుగుతుంది, సాయంత్రానికి ఉధృతంగా ఉంటుంది, తెల్లవారుజామున తగ్గుతుంది. పొద్దున టైర్ల సగం వరకే ఉన్న వాగు సాయంత్రం అదే చోట బండిని తేల్చేయొచ్చు. మీకేమో రాత్రి తొమ్మిదికి పట్టపగల్లా కనిపిస్తుంది, వచ్చిన దారే కదా అని దిగుతారు. నీళ్ళలో పాడైన ఇంజనుకి కూడా ఇన్సూరెన్స్ సాధారణంగా రాదు. వాగులు దాటేది ఉంటే పొద్దున్నే దాటండి. అలవాటు లేనివాళ్ళు థోర్స్‌మోర్క్‌కి వేసవిలో నడిచే ఎత్తు బస్సు ఎక్కడమే మేలు.

ఏ నెల?

ఉత్తర ధ్రువ కాంతుల కోసమే అయితే జూన్, జులైలలో వెళ్ళకండి, ఆకాశం పూర్తిగా చీకటి పడదు కాబట్టి కనిపించవు. ఆగస్టు చివర నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు అవకాశం ఉంటుంది. దానికి డిసెంబరే కావాలని లేదు. మార్చి 20 ప్రాంతంలో, సెప్టెంబరు 22 ప్రాంతంలో పగలూ రాత్రీ దాదాపు సమానం. పగలు ఊళ్ళు చూసుకోవచ్చు, రాత్రి కాంతుల కోసం ఎదురుచూడొచ్చు. అమ్మానాన్నలతో, చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను సెప్టెంబరే చెప్తాను, ఎందుకంటే మార్చిలో మంచు తుఫానుల టెన్షన్ ఇంకా ఉంటుంది. తేదీ వారం అటూ ఇటూ జరిగినా తేడా తెలుస్తుంది. ఆ రోజుల్లో పగలు రోజుకి ఆరేడు నిమిషాల చొప్పున మారుతుంది, వారానికి ముప్పావు గంట.

డిసెంబరు, జనవరిలోనే సెలవు దొరికితే రేక్యావిక్, దక్షిణ తీరం వరకే పెట్టుకోండి, కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చే పడమటి ఫ్యోర్డుల వైపు పోకండి. అక్కడ ఇసాఫ్యోర్దుర్ ఊరికి కొండలు అడ్డుగా ఉండటంతో నవంబరు చివర నుంచి దాదాపు రెండు నెలలు సూర్యుడే కనిపించడు. జనవరి 25 ప్రాంతంలో ఎండ మళ్ళీ వచ్చినప్పుడు ఊరంతా కాఫీ, పాన్‌కేకులతో పండగ చేసుకుంటారు. కారు నడపడం ఇష్టం లేకపోతే రేక్యావిక్ నుంచి వీక్ వరకు వెళ్ళొచ్చే టూరు బస్సులు చలికాలంలోనూ ఉంటాయి. సీటు ముందే బుక్ చేసుకోండి, తుఫానుకి రద్దయితే డబ్బు వెనక్కిస్తారో లేదో ఆ పేజీలోనే చూసుకోండి. కారులోనే వెళ్తే మీ దారి వివరాలు safetravel.is లో నమోదు చేసి, అత్యవసర నంబరు 112 అందరి ఫోన్లలో ఉంచండి. పెట్రోలు సగం ట్యాంకుకి తగ్గకముందే నింపండి. చిన్న ఊళ్ళ బంకుల్లో మనుషులుండరు, కార్డుకి పిన్ లేకపోతే మెషీన్ తీసుకోదు.