విజిటింగ్ కార్డు స్కాన్‌లో నంబరు మార్చాలా?

విజయనగరం గంటస్తంభం దగ్గర బట్టల కొట్టాయన పాత కార్డు తెచ్చారు. నంబరు మారింది, డిజైన్ ఫైలు లేదు. ఇలాంటప్పుడు అంకెలు టైపు చేయకండి, కార్డులోంచే తీసుకోండి. 1200 డీపీఐలో స్కాన్ చేసి, ఫోటోషాప్‌లో తెరిచి, పాత నంబరు చెరపకముందే దానిలోంచి, పిన్‌కోడ్‌లోంచి (సైజు ఒకటైతేనే) అంకెలను చుట్టూ కాస్త కాగితంతో సహా, 2 పిక్సెళ్ల ఫెదర్‌తో కాపీ చేసుకోండి. సిరా పాకిన అంచు, కాగితం గరుకు వాటితోనే వస్తాయి.

పాత నంబరును తెల్లరంగుతో కాదు, పక్కనున్న ఖాళీ కాగితంతో క్లోన్ స్టాంప్‌లో కప్పాలి.

మాకు 7 ఎక్కడా దొరకలేదు. అదొక్కటే టైపు చేసి, పక్క అంకె మధ్యలోని రంగే ఇచ్చి, `Multiply`లో పెట్టి, అంచు కలిసేదాకా `Gaussian Blur` కొద్దికొద్దిగా పెంచాం. అసలు సైజులో ప్రింటు తీసి చూడండి. తేడా ఉంటే ఆ అంకె పక్కవాటికన్నా సన్నగా కనిపిస్తుంది.