న్యూట్రాన్ స్టార్ లెక్కలు, 3వ భాగం: అంత సాంద్రత ఎలా వస్తుంది, మాగ్నెటార్ ఎక్కడ తేడా పడుతుంది

పోయిన రెండు భాగాల్లో పవర్స్ ఆఫ్ టెన్ తో గుణకారాలు, సూర్యుడి మాస్ ని గ్రాముల్లో రాసుకోవడం అలవాటు చేసుకున్నాం కదా, ఈసారి వాటితోనే అసలు పని చేద్దాం. ఈ భాగం అయ్యేసరికి మీకు ఒక పల్సార్, అంటే తిరుగుతూ పల్స్ లు పంపే న్యూట్రాన్ స్టార్, ఎన్ని సెకన్లకి ఒకసారి తిరుగుతోంది, ఆ తిరగడం ఎంత నెమ్మదిస్తోంది అనే రెండు నంబర్లు ఇస్తే అది మామూలు న్యూట్రాన్ స్టారా, మాగ్నెటిక్ ఫీల్డ్ అతి బలంగా ఉన్న మాగ్నెటారా అని మీరే లెక్కేసి చెప్పగలగాలి. కాగితం, పెన్ను, ఫోన్ లో కాలిక్యులేటర్ చాలు.

ముందు సాంద్రత సంగతి. బాగా బరువైన నక్షత్రం చివరి దశలో దాని మధ్యలో ఇనుము కోర్ తయారవుతుంది. ఇనుముని ఫ్యూజన్ చేస్తే ఎనర్జీ రాదు, ఎదురు ఖర్చవుతుంది, కాబట్టి అక్కడ పొయ్యి ఆరిపోయినట్టే. మరి ఆ కోర్ కూలిపోకుండా ఎవరు మోస్తున్నారంటే ఎలక్ట్రాన్లు. రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండలేవు, అందుకని దగ్గరికి నొక్కేకొద్దీ అవి ఇంకా ఇంకా వేగంగా కదలాల్సి వస్తుంది, ఆ కదలిక నుంచి వచ్చే ప్రెషరే కోర్ ని నిలబెడుతుంది, వేడి తగ్గినా ఈ ప్రెషర్ పోదు. కానీ దానికీ ఒక హద్దుంది, సూర్యుడి మాస్ కి సుమారు 1.4 రెట్లు, అదే చంద్రశేఖర్ లిమిట్. చుట్టూ ఉన్న సిలికాన్ పొర మండుతూ ఇనుముని కోర్ మీద పోస్తూనే ఉంటుంది, అలా ఆ హద్దు దగ్గరికి వచ్చేసరికి రెండు పనులు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ మొదలవుతాయి.

ఒకటి, అప్పటికి టెంపరేచర్ వందల కోట్ల డిగ్రీలు దాటి ఉంటుంది, ఆ వేడికి పుట్టే గామా కిరణాలు ఇనుము న్యూక్లియస్ లని పగలగొట్టి హీలియం, న్యూట్రాన్లుగా చేసేస్తాయి. పగలగొట్టడానికి ఎనర్జీ కావాలి, అది కోర్ లోంచే పోతుంది, అంటే ప్రెషర్ ఇవ్వాల్సిన ఎనర్జీ అటు ఖర్చైపోతుంది. రెండోది ఇంకా పెద్దది. ఎలక్ట్రాన్లు ప్రోటాన్లలోకి దూరి న్యూట్రాన్లుగా మారిపోతాయి, ఒక్కో మార్పుకీ ఒక న్యూట్రినో బయటికి వస్తుంది. ఇప్పటిదాకా కోర్ ని మోసింది ఎవరు? ఎలక్ట్రాన్లే. అవే తగ్గిపోతుంటే ఇంక ఆపేవాళ్లెవరూ లేరు, కోర్ లోపలికి పడుతుంది, పడేకొద్దీ సాంద్రత పెరిగి ఇంకా ఎక్కువ ఎలక్ట్రాన్లు మింగుడుపడతాయి. ఈ మొత్తం కూలడం ఒక సెకను కూడా పట్టదు. ఆ న్యూట్రినోలు ఊహ కాదు, 1987 ఫిబ్రవరి 23న సూపర్ నోవా 1987ఏ వెలుగు కనపడడానికి కొన్ని గంటల ముందే జపాన్ లోని కామియోకాండే, అమెరికాలోని ఐఎంబీ డిటెక్టర్లలో పట్టుబడ్డాయి.

మరి ఎక్కడ ఆగుతుంది? చాలామంది "న్యూట్రాన్ డీజెనరసీ ప్రెషర్ ఆపుతుంది" అని ఒక్క ముక్కలో రాసేస్తారు, అంటే పైన ఎలక్ట్రాన్లు ఇచ్చిన లాంటి ప్రెషరే న్యూట్రాన్లు ఇస్తాయని, అది సగమే నిజం. 1939లో ఓపెన్ హైమర్, వోల్కాఫ్ కేవలం ఆ ప్రెషర్ ఒక్కటే ఉందనుకుని లెక్కేస్తే సూర్యుడి మాస్ లో 0.7 వంతు వరకే నిలబడుతుందని వచ్చింది. మనకి కనపడే న్యూట్రాన్ స్టార్లు మామూలుగా 1.4 ఉంటాయి, పీఎస్ఆర్ జే0740+6620 అయితే దాదాపు 2.1. మిగతా బరువు మోసేది న్యూక్లియర్ ఫోర్స్, న్యూట్రాన్లు మరీ దగ్గరికి వస్తే అది వికర్షణగా మారి గట్టిగా తోసేస్తుంది.

ఇప్పుడు మొదటి లెక్క. మాస్ 1.4 సూర్యులు, రేడియస్ 12 కిలోమీటర్లు, అంటే 1.2 × 10^6 సెంటీమీటర్లు.

```
M = 1.4 × 2.0e33 = 2.8e33 g
V = (4/3) × 3.14 × (1.2e6)^3 = 7.2e18 cm^3
M / V = 3.9e14 g/cm^3
```

ఒక క్యూబిక్ సెంటీమీటర్ లో 39 కోట్ల టన్నులు. ఈ నంబర్ ని ఊరికే చూసి ఆశ్చర్యపోయి వదిలేయకండి, మామూలు అణువు న్యూక్లియస్ సాంద్రతతో పోల్చండి, అది సుమారు 2.7 × 10^14. అంటే సగటున మన నంబర్ న్యూక్లియస్ సాంద్రతకి సుమారు ఒకటిన్నర రెట్లు. అణువులో న్యూక్లియస్ కాకుండా ఉండే ఖాళీ అంతా పోయింది, అంతే జరిగింది. రేడియస్ తప్పు వేస్తే ఇక్కడే తెలిసిపోతుంది, మీ జవాబు న్యూక్లియస్ సాంద్రతకి వందో వంతు వచ్చినా వంద రెట్లు వచ్చినా రేడియస్ ఎక్కడో తప్పు వేశారని అర్థం. నడిమధ్యలో సాంద్రత సగటు కంటే కొన్ని రెట్లు ఎక్కువ ఉంటుంది, అక్కడ న్యూట్రాన్లు న్యూట్రాన్లుగానే ఉంటాయా లేక క్వార్క్ లుగా విడిపోతాయా అనేది ఇప్పటికీ తేలలేదు.

కూలేటప్పుడు ఇంకో రెండు విషయాలు జరుగుతాయి, రెండింటికీ సూత్రం ఒకటే, రేడియస్ స్క్వేర్. కోర్ రేడియస్ 1500 కిలోమీటర్ల నుంచి 12కి వచ్చిందనుకుందాం, 125 రెట్లు చిన్నదైంది, స్క్వేర్ చేస్తే సుమారు 15,600. కాబట్టి తిరిగే వేగం 15,600 రెట్లు పెరుగుతుంది, మాగ్నెటిక్ ఫీల్డ్ కూడా అన్నే రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే అవే ఫీల్డ్ లైన్లు చిన్న జాగాలోకి నొక్కుకుపోతాయి. మామూలు పల్సార్ కి 10^12 గాస్ కావాలంటే మొదట కోర్ లో సుమారు 6 × 10^7 గాస్ ఉంటే సరిపోతుంది, ఈ కోర్ లాగే ఎలక్ట్రాన్ల ప్రెషర్ మీద నిలబడే వైట్ డ్వార్ఫ్ నక్షత్రాల్లో, ఫీల్డ్ ఉన్నవాటిలో, అలాంటివి నిజంగానే కనపడతాయి. మాగ్నెటార్ కి కావాల్సింది 10^15. అదే దారిలో వెనక్కి వెళ్తే 6 × 10^10 రావాలి, వైట్ డ్వార్ఫ్ లలో చూసిన అతి పెద్దది 10^9 దరిదాపుల్లోనే ఆగిపోతుంది. అందుకే ఒక్క నొక్కుడుతో ఈ ఫీల్డ్ రాదని చాలామంది అభిప్రాయం. 1992లో డంకన్, థాంప్సన్ చెప్పింది ఏంటంటే పుట్టిన కొత్తలో న్యూట్రాన్ స్టార్ కొన్ని మిల్లీసెకన్లకి ఒక చుట్టు తిరుగుతూ ఉంటే, లోపల వేడి ద్రవం సలసలా పైకీ కిందకీ కదులుతున్న ఆ మొదటి కొద్ది సెకన్లలో డైనమో పనిచేసి ఫీల్డ్ ని పెంచేస్తుంది అని. కాదు, తల్లి నక్షత్రానికే బలమైన ఫీల్డ్ ఉండాలి అనేవాళ్లూ ఉన్నారు, ఆ వాదన ఇంకా నడుస్తోంది.

ఫీల్డ్ ఎక్కడి నుంచి వచ్చినా, ఎంత ఉందో కొలవడం మాత్రం మన చేతిలో ఉంది. తిరిగే అయస్కాంతం ఎనర్జీ వెదజల్లుతూ నెమ్మదిస్తుంది, ఫీల్డ్ ఎంత బలంగా ఉంటే అంత తొందరగా నెమ్మదిస్తుంది. P అంటే ఒక చుట్టుకి పట్టే సెకన్లు, Pdot అంటే సెకనుకి ఆ P ఎంత పెరుగుతోంది అని.

```
B = 3.2e19 × sqrt(P × Pdot)   gauss
```

ముందు క్రాబ్ పల్సార్ వేసి చూడండి, P 0.033, Pdot 4.2 × 10^-13. జవాబు సుమారు 3.8 × 10^12 గాస్, మామూలు పల్సార్. ఇప్పుడు ఎస్జీఆర్ 1806-20. 1998లో క్రిస్సా కూవెలియోటూ, ఆమె టీమ్ 1996 నాటి ఎక్స్ రే శాటిలైట్ డేటాలో దీని P 7.47 సెకన్లు, Pdot 8.3 × 10^-11 అని తేల్చారు.

```
P × Pdot = 6.2e-10
sqrt     = 2.5e-5
B        = 8e14 gauss
```

క్రాబ్ కి 200 రెట్లు. అయితే ఫీల్డ్ పెద్దది కాబట్టే మాగ్నెటార్ అనేసి ఆగిపోతే అసలు తేడా దొరకదు. అసలు తేడా ఏంటంటే అది ఖర్చు పెట్టే ఎనర్జీ ఎక్కడి నుంచి వస్తోంది అనేది. క్రాబ్ తన తిరుగుడుని అమ్ముకుని వెలుగుతుంది, దాని లెక్క సరిపోతుంది. 1806-20 లెక్క సరిపోదు, ఎలాగో చూద్దాం. 2004 డిసెంబర్ 27న దీని నుంచి ఒక జెయింట్ ఫ్లేర్ వచ్చింది. మొదట 0.2 సెకన్ల పాటు ఎంత తీవ్రంగా వచ్చిందంటే చాలా శాటిలైట్ల డిటెక్టర్లు సాచురేట్ అయిపోయాయి, మన భూమి ఐయనోస్ఫియర్ కూడా కదిలింది, ఆ తర్వాత ఆరు నిమిషాలకి పైగా తోక లాంటి వెలుగు సరిగ్గా 7.56 సెకన్లకి ఒకసారి ఎక్కుతూ తగ్గుతూ వచ్చింది, అంటే ఆ నక్షత్రం ఒక్కో చుట్టూ గ్రాఫ్ మీద లెక్కపెట్టుకోవచ్చు. మొత్తం ఎనర్జీ, దూరం ఎంత అనుకుంటామో దాన్ని బట్టి కొంచెం అటూ ఇటూగా, 10^46 ఎర్గ్ లు. మరి దాని తిరుగుడులో ఉన్న ఎనర్జీ మొత్తం ఎంత? కింద w అంటే తిరిగే వేగం, 1e45 అంటే న్యూట్రాన్ స్టార్ కి మామూలుగా తీసుకునే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా, Erot తిరుగుడు ఎనర్జీ, Emag ఫీల్డ్ లో ఉన్న ఎనర్జీ, 25 అంటే 8 × 3.14, V మొదటి లెక్కలో వేసిన వాల్యూమే.

```
w    = 2 × 3.14 / 7.56 = 0.83 rad/s
Erot = 0.5 × 1e45 × 0.83^2 = 3.4e44 erg
Emag = (B^2 / 25) × V = 1.8e47 erg
```

నక్షత్రం పూర్తిగా ఆగిపోయి తిరుగుడంతా ఇచ్చేసినా ఆ ఫ్లేర్ లో సుమారు 30వ వంతే వస్తుంది. మాగ్నెటిక్ ఫీల్డ్ లో మాత్రం ఆ ఫ్లేర్ కి 18 రెట్లు ఉంది. మాగ్నెటార్ అంటే ఫీల్డ్ ని కరిగించుకుంటూ వెలిగేది అని చెప్పడానికి ఈ మూడు లైన్లు చాలు, లోపలి ఫీల్డ్ మెలితిరిగి పైపొరని లాగి లాగి అది తెగినప్పుడు ఇలాంటి పేలుళ్లు వస్తాయని ఇప్పుడు నడుస్తున్న వివరణ.

ఇక్కడ ఒక జాగ్రత్త. 1996 డేటాలో 7.47 ఉన్న P, పాత Pdot తో ఎనిమిదేళ్లకి (2.5 × 10^8 సెకన్లు) లెక్కేస్తే 7.49 అవ్వాలి, కానీ ఫ్లేర్ లో కనపడింది 7.56. అంటే మధ్యలో అది నాలుగు రెట్లకి పైగా వేగంగా నెమ్మదించింది. ఆ సగటు Pdot, 3.6 × 10^-10, పెట్టి మళ్లీ వేస్తే B రెట్టింపై 1.7 × 10^15 వస్తుంది. మాగ్నెటార్ల Pdot నిలకడగా ఉండదు, కాబట్టి ఈ ఫార్ములా ఇచ్చే జవాబుని "సుమారు ఇంత" అని మాత్రమే తీసుకోవాలి, రెండో డెసిమల్ గురించి వాదించుకోకూడదు.

ఇక మీ వంతు. ఎస్జీఆర్ 0418+5729 అని ఒకటుంది, 2009లో మాగ్నెటార్ లాగే బర్స్ట్ లు ఇచ్చింది, P 9.1 సెకన్లు, Pdot 4 × 10^-15. B వేయండి, 6 × 10^12 వస్తే సరిగ్గా చేసినట్టు. క్రాబ్ కంటే రెండు రెట్లు కూడా లేదు, అయినా మాగ్నెటార్ లాగా ప్రవర్తించింది. ఫార్ములా చూసేది బయటికి కనపడే డైపోల్ ఫీల్డ్ నే, లోపల చుట్టలు చుట్టుకున్న ఫీల్డ్ దానికి కనపడదు. ఆ లోపలి ఫీల్డ్ ని ఎక్స్ రే స్పెక్ట్రమ్ లోంచి ఎలా పట్టుకున్నారో 4వ భాగంలో చేద్దాం, ఈలోపు ఇదే నక్షత్రానికి Erot కూడా వేసి పెట్టుకోండి, అక్కడ కావాలి.