పిల్లల ఎగ్జిమా: ఎంత క్రీము, ఏ ఆయింట్‌మెంటు, ఎన్నాళ్ళు?

అనంతపురంలో ఒక మూడేళ్ళ పాప అనుకుందాం. ఏడాది వయసులో బుగ్గల మీద గరుకుగా మొదలైన మచ్చలు ఇప్పుడు మోచేతి మడతల్లోకి, మోకాళ్ళ వెనక్కి చేరాయి. రాత్రి నిద్రలో గీరుకుంటుంది, తెల్లారేసరికి దుప్పటికి రక్తపు చారలు. ఇంట్లో ఒక మాయిశ్చరైజర్ సీసా, మెడికల్ షాపులో ఇచ్చిన రెండు మూడు ట్యూబులు ఉన్నాయి. అన్నీ వాడుతున్నారు, ఏదీ పనిచేయడం లేదు. ఇలాంటి ఇళ్ళలో నేను చూసేది ఎక్కువగా రెండే లోపాలు: మాయిశ్చరైజర్ మరీ తక్కువ పూస్తారు, స్టెరాయిడ్ బలం ఎంతో తెలియకుండా వాడతారు. ఈ పాపనే లెక్కగా పెట్టుకుని చూద్దాం.

ముందు అది ఎగ్జిమాయేనా?

ఎగ్జిమా ఉన్న పిల్లల చర్మం పుట్టుకతోనే కాస్త చిల్లుల కుండలాంటిది. లోపలి తేమ నిలవదు, బయటి సబ్బు, దుమ్ము, సూక్ష్మక్రిములు లోపలికి వెళ్ళిపోతాయి. అందుకే దురద, ఎండిపోవడం, మళ్ళీ మళ్ళీ రావడం. మన పిల్లల రంగులో ఎరుపు అంతగా కనపడదు. ముదురు గోధుమ రంగుగానో బూడిద రంగుగానో కనిపిస్తుంది, చేత్తో తడిమితే ఇసుక కాగితంలా తగులుతుంది. ఇంట్లో అమ్మకూ అవ్వకూ కూడా రాత్రిళ్ళు దురద ఉండి, వేళ్ళ సందుల్లో చిన్న పొక్కులు ఉంటే అది గజ్జి కావచ్చు. అంచు ఉబ్బి, మధ్యలో తేటగా ఉన్న గుండ్రటి మచ్చ అయితే ఫంగస్ కావచ్చు. ఫంగస్ మీద స్టెరాయిడ్ పూస్తే వారం రోజులు తగ్గినట్టుండి, ఆ తర్వాత ఇంకా పాకుతుంది. అందుకే మొదటిసారి మాత్రం డాక్టరు చేత చూపించుకోవాల్సిందే.

స్నానం, ఆ వెంటనే మాయిశ్చరైజర్

స్నానం రోజూ చేయించవచ్చు. గోరువెచ్చని నీళ్ళు, అయిదు నుంచి పది నిమిషాలు చాలు. వేడినీళ్ళు పోస్తే దురదకు ఆ క్షణం హాయిగా ఉంటుంది కానీ చర్మం మీదున్న నూనె మొత్తం పోతుంది. నురగ బాగా వచ్చే సబ్బులు మానేసి, వాసన లేని, పీహెచ్ 5.5 దగ్గర ఉండే సబ్బు చంకల్లోనూ, తొడల మధ్యా, మురికి పట్టిన చోటా మాత్రమే రాయండి. సున్నిపిండితో రుద్దడం మానాలి. ఈ మాట చెప్తే అవ్వలకు కోపం వస్తుందని తెలుసు. కానీ మామూలు చర్మానికి పనికొచ్చే నలుగు, చిట్లిన చర్మానికి పుండు మీద రుద్దినట్టే.

తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. ఒళ్ళు కాస్త తడిగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు, మాయిశ్చరైజర్ ఒళ్ళంతా పూయాలి. మచ్చలున్న చోట మాత్రమే పూయడం పొరపాటు, బాగున్నట్టు కనిపించే చర్మానికీ అదే లోపం ఉంటుంది. రోమాలు పెరిగే దిక్కున, కిందికి నిమురుతూ పూయండి. గట్టిగా మర్దనా చేస్తే రోమకూపాల దగ్గర చిన్న కురుపులు లేస్తాయి.

ఇక లెక్క. మన మూడేళ్ళ పాపకు ఒకసారి ఒళ్ళంతా పూయడానికి సుమారు రెండు టీస్పూన్లు, అంటే దాదాపు 10 గ్రాములు పడుతుంది. రోజుకు రెండుసార్లు అంటే 20 గ్రాములు, వారానికి 140 గ్రాములు. అంటే 100 గ్రాముల ట్యూబు అయిదు రోజుల్లో అయిపోవాలి. మీ ఇంట్లో అది నెలరోజులు వస్తోందంటే, క్రీము మంచిదా కాదా అని ఆలోచించే ముందు ఎంత పూస్తున్నారో చూసుకోండి. ఇంత వాడాలంటే ఖరీదైన సీసా కుదరదు. సువాసన లేని పారాఫిన్ క్రీము గానీ మామూలు పెట్రోలియం జెల్లీ గానీ పెద్ద డబ్బాలో తక్కువకు దొరుకుతుంది, పని అదే చేస్తుంది. డబ్బాలో వేళ్ళు పెట్టకుండా శుభ్రమైన చెంచాతో తీయండి.

కార్తీకం నుంచి మాఘం దాకా గాలి పొడిగా ఉన్నప్పుడు జెల్లీ బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల్లో 40 డిగ్రీలు దాటాక జెల్లీ పూస్తే చెమట లోపలే ఉండి దురద పెరుగుతుంది, అప్పుడు పల్చటి క్రీముకు మారండి. పారాఫిన్ పట్టిన బట్టలకు నిప్పు చాలా త్వరగా అంటుకుంటుంది. పాపను పొయ్యికి, దీపాలకు, దీపావళి టపాసులకు దూరంగా ఉంచండి.

నూనె రాయొచ్చా అని అందరూ అడుగుతారు. కొబ్బరినూనె పడితే పరవాలేదు. ఆలివ్ నూనె చర్మపు పైపొరను దెబ్బతీస్తుంది. మన ఇళ్ళలో ఉండే శెనక్కాయ నూనె అసలు వద్దు. చిట్లిన చర్మం ద్వారా శెనక్కాయ లోపలికి వెళ్తే, తినడం ద్వారా కాకుండా చర్మం ద్వారానే దానికి అలర్జీ మొదలయ్యే అవకాశం ఉంది.

స్టెరాయిడ్: శాతం చూసి మోసపోవద్దు

మాయిశ్చరైజర్ మంటను ఆర్పదు. మచ్చ లేచి దురద పెట్టినప్పుడు స్టెరాయిడ్ కావాలి. భయపడి చుక్క పూసి వదిలేస్తే నెలల తరబడి సాగుతుంది. సరైన బలంతో, సరిపడా పూసి, త్వరగా ఆపేయడమే పిల్లలకు మేలు.

బలాన్ని నాలుగు మెట్లుగా అనుకోండి. కింది మెట్టు హైడ్రోకార్టిసోన్ 1%, మొహానికి సాధారణంగా ఇదే. దాని పైన క్లోబెటాసోన్ 0.05%, డెసొనైడ్ లాంటివి. మూడో మెట్టు మీద మొమెటాసోన్ 0.1%, బీటామెథాసోన్ వాలరేట్ 0.1%. అన్నిటికన్నా పైన క్లోబెటసాల్ 0.05%. గమనించారా, హైడ్రోకార్టిసోన్ 1% అన్నిటికన్నా మెతక, 0.05% ఉన్న క్లోబెటసాల్ అన్నిటికన్నా ఘాటు. శాతం వేరే మందుతో పోల్చడానికి పనికిరాదు. క్లోబెటాసోన్, క్లోబెటసాల్ పేర్లు ఒకలాగే ఉంటాయి, రెండింటి మీదా 0.05% అనే ఉంటుంది, కానీ ఒకటి రెండో మెట్టు, ఇంకొకటి పైమెట్టు. ట్యూబు మీద అక్షరం అక్షరం చదవండి. ఒకే మందు క్రీము కన్నా ఆయింట్‌మెంటుగా ఉంటే బలం ఎక్కువ.

మెడికల్ షాపులో "ఒక మంచి ట్యూబు ఇవ్వన్నా" అంటే తరచూ చేతికి వచ్చేది స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపినది. అందులోని స్టెరాయిడ్ చాలాసార్లు క్లోబెటసాలో, బీటామెథాసోనో అయి ఉంటుంది. మూడు రోజుల్లో తగ్గుతుంది, అందుకే ఊరంతా అదే వాడుతుంది. పిల్లల మొహం మీద, తొడ సందుల్లో వారాల తరబడి వాడితే చర్మం పల్చబడి, చారలు పడతాయి, ఆపగానే మచ్చ రెట్టింపుగా లేస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చే అంగళ్ళు ఉన్నాయి.

ఎంత పూయాలి? పెద్దవాళ్ళ చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబులోంచి పిండిన గీత సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ళ రెండు అరచేతుల (వేళ్ళతో సహా) మేర చర్మానికి సరిపోతుంది. మన పాపకు ఒక్కో మోచేతి మడత అమ్మ చేతిలో సగం, ఒక్కో మోకాలి వెనక ఒక చేయంత ఉందనుకుందాం. మొత్తం మూడు చేతులు. అంటే ఒకటిన్నర వేలికొన, ముప్పావు గ్రాము. రాత్రికి ఒక్కసారి పూస్తే పది రాత్రులకు ఏడున్నర గ్రాములు, 15 గ్రాముల ట్యూబులో సగం. పది రోజుల తర్వాత కూడా ట్యూబు నిండుగానే ఉంటే తక్కువ పూసినట్టు. నాలుగు రోజుల్లో అయిపోతే ఎక్కువ పూసినట్టు, లేదా బాగున్న చోటికీ పూసినట్టు.

చాలా మందులకు రోజుకు ఒక్కసారి చాలు. సాయంత్రం స్నానం, వెంటనే ఒళ్ళంతా మాయిశ్చరైజర్, ఇరవై నిమిషాలు ఆగి మచ్చల మీద స్టెరాయిడ్. రెండూ వెంటవెంటనే పూస్తే మందు పల్చబడి, అక్కర్లేని చోటికి పాకుతుంది.

ఎప్పుడు ఆపాలి? కళ్ళు మూసుకుని వేలితో తడమండి. గరుకు పోయి, దురద తగ్గితే ఆపండి. మడతల్లో సాధారణంగా వారం నుంచి రెండు వారాలు, మొహం మీద అయిదు రోజుల్లోపు. రంగు కోసం మాత్రం సాగదీయకండి. నల్లటి మచ్చ, తెల్లటి మచ్చ మానిన ఎగ్జిమా గుర్తులు, నెలల్లో అవే కలిసిపోతాయి. బుగ్గ మీద తెల్లమచ్చ చూసి కడుపులో పురుగులని మందు తాగించే అలవాటు మనకుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. రెండు వారాలు సరిగ్గా పూసినా గరుకు పోకపోతే పైమెట్టు మందుకు మీరే ఎక్కకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అదే చోట మళ్ళీ మళ్ళీ లేచే పిల్లలకు వారంలో రెండు రోజులు, ఉదాహరణకు శని, ఆదివారాలు, మాత్రమే పూయమని చెబుతుంటారు. రెండేళ్ళు దాటిన పిల్లల మొహానికి టాక్రోలిమస్ 0.03% కూడా ఉంది, అది స్టెరాయిడ్ కాదు. రెండూ డాక్టరు నిర్ణయాలే.

ఎగ్జిమాను రేపేవి ఏవి?

మన దగ్గర మొదటి శత్రువు చెమట. ఆడి వచ్చాక మామూలు నీళ్ళతో ఒళ్ళు కడిగి, అద్ది, మళ్ళీ కాస్త క్రీము. వదులైన నూలు బట్టలు. పెళ్ళిళ్ళకు వేసే జరీ, నెట్టు లంగాల లోపల పాత నూలు బనీను వేయండి. బట్టలు రెండుసార్లు నీళ్ళలో జాడించండి, ముఖ్యంగా బోరునీళ్ళకు డిటర్జెంట్ త్వరగా వదలదు. ఉప్పునీళ్ళ ఊళ్ళలో ఎగ్జిమా ఎక్కువ కనిపిస్తుందన్నది నిజమే, కానీ ఇంగ్లండ్‌లో పిల్లల ఇళ్ళలో నీటిని మెత్తబరిచే యంత్రాలు పెట్టి చూస్తే ఎగ్జిమా తగ్గలేదు. ఆ డబ్బు మాయిశ్చరైజర్ మీద పెట్టండి. ఇంట్లో సాంబ్రాణి పొగ, దోమల చక్రాలు పాప పడుకునే గదిలో వద్దు. గోళ్ళు వారానికోసారి కత్తిరించండి.

తిండి దగ్గర మాత్రం తొందరపడొద్దు. వంకాయ, గుడ్డు, పాలు, శెనక్కాయలు అన్నీ పథ్యం పేరుతో ఆపేస్తే మిగిలేది ఎముకలు తేలిన బిడ్డ. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లు, వాంతి, పెదాలు వాయడం కనిపిస్తే ఆ ఒక్కటి ఆపి డాక్టరుకు చెప్పండి. నీలిరంగు పెదాలు, ఊపిరాడకపోవడం ఉంటే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

తేనె రంగు పక్కులు కట్టి, తడిగా కారుతుంటే చీము పట్టిందని అర్థం, ఒకటి రెండు రోజుల్లో చూపించాలి. కానీ ఒకే సైజు చిన్న పొక్కులు గుంపుగా లేచి, పగిలి గుంటలు పడి, జ్వరం, నొప్పి వస్తే అది హెర్పిస్ వైరస్ కావచ్చు. ఆ రోజే వెళ్ళాలి, కంటి దగ్గరుంటే గంట కూడా ఆగొద్దు. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ, సగం పిండినవి కూడా, సంచిలో వేసుకెళ్ళండి. "తెల్ల ట్యూబు, ఎర్ర గీత" అని చెప్తే డాక్టరుకు ఏ మెట్టు మందు పడిందో తెలియదు.